మేనేజర్ ఉన్నట్టుండి మానేస్తే: ఇన్‌చార్జికి మొదటి 14 రోజులు

ప్రశ్న: మా అకౌంట్స్ విభాగంలో నాతో కలిపి ఎనిమిది మందిమి. మా మేనేజర్ గత శుక్రవారం ఉన్నట్టుండి మానేశారు. నిన్న, సోమవారం పొద్దున, డైరెక్టర్ పిలిచి "కొత్తవాళ్లు వచ్చేదాకా నువ్వే చూసుకో" అన్నారు. అంతే, కాగితం ఏమీ లేదు. సరఫరాదారుల బిల్లులు సిస్టమ్‌లో ఎక్కించడం నా పని, అది అలాగే ఉంది. నెలాఖరుకు ఇంకా 11 రోజులే. టీమ్‌లో నాకంటే నాలుగేళ్లు సీనియర్ ఒకరున్నారు, ఆయన నిన్నటి నుంచి ముభావంగా ఉన్నారు. ఈ రెండు వారాల్లో ముందు దేన్ని పట్టుకోవాలి?

సమాధానం: నెలాఖరు కంటే ముందు, పాత మేనేజర్ పేరు మీద ఏ పనులు ఆగబోతున్నాయో కనుక్కోవాలి. మేనేజర్ ఉన్నన్నాళ్లూ మంజూరు, సంతకం, నోటి మాట మూడూ ఆ ఒక్కరి చేతి మీదుగానే నడుస్తాయి. మానేసిన మొదటి రెండు మూడు రోజులు ఏదీ ఆగినట్టు కనబడదు, అప్పటికే మంజూరైనవి కదులుతూ ఉంటాయి కాబట్టి. ఆ తర్వాతే ఒక్కొక్కటీ నిలిచిపోతుంది. మీ విషయంలో అది సరిగ్గా నెలాఖరు ముంగిట జరుగుతుంది. వారాంతాలు పోను మీ చేతిలో ఉన్నవి తొమ్మిది పనిదినాలు.

అయితే ఆ పనులను మీరు ముట్టుకోవాలంటే ముందు మీకు అధికారం ఉండాలి. "చూసుకో" అన్న మాటలో అది లేదు. ఈరోజే డైరెక్టర్ దగ్గర అరగంట అడగండి. ఎప్పటిదాకా చూసుకోవాలి? ఎంత మొత్తం వరకు నేను మంజూరు చేయవచ్చు, ఆ పైన ఎవరు? సెలవులు నేనే ఇవ్వవచ్చా? జీతాలు, పనితీరు మదింపు, కొత్తవాళ్లను తీసుకోవడం నా పరిధిలో లేవనే అనుకోనా? నా పాత పనిలో ఏది వేరేవాళ్లకు ఇవ్వాలి? అదనపు బాధ్యతకు భత్యం ఉంటుందా అన్నది కూడా మొదటి రోజే, మొహమాటపడకుండా అడగండి. చాలా సంస్థల్లో ఇది రాతపూర్వక ఉత్తర్వు ఉన్న తేదీ నుంచే లెక్కలోకి వస్తుంది. నెల తర్వాత అడిగితే ఆ నెల పోయినట్టే.

బయటకు రాగానే అదే రోజు మెయిల్ పంపండి. ఇలా ఉంటే చాలు:

> ఈరోజు మనం మాట్లాడుకున్నదాన్ని నేను ఇలా అర్థం చేసుకున్నాను. ఫలానా తేదీ వరకు విభాగం బాధ్యత నాది. ఇంత మొత్తం వరకు బిల్లులు నేను మంజూరు చేస్తాను, ఆ పైన మీరు. సెలవులు నేను చూస్తాను. జీతాలు, మదింపు, నియామకాలు మీ దగ్గరే ఉంటాయి. తేడా ఉంటే రేపు సాయంత్రంలోగా చెప్పండి. అప్పటిదాకా ఈ హద్దుల్లోనే పనిచేస్తాను.

చివరి రెండు వాక్యాలు తీసేయకండి. పనితొందరలో ఉన్న డైరెక్టర్ జవాబు ఇవ్వకపోవచ్చు. అలాంటప్పుడు కూడా మీరు ఏ హద్దుల్లో పనిచేశారో కాగితం మీద ఉంటుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, మంజూరు అధికారం విషయంలో మౌనాన్ని అంగీకారంగా తీసుకోకూడదు. ఆ ఒక్కదానికి స్పష్టంగా "సరే" అని రాతలో వచ్చేదాకా వెంటపడండి. బాధ్యత మీదేనన్న ప్రకటన కూడా డైరెక్టర్ పేరుతోనే టీమ్‌కి, కొనుగోలు విభాగానికి, మిగతా విభాగాధిపతులకు వెళ్లాలి. మీరే చెప్పుకుంటే "ఎవరు చెప్పారు?" అన్న ప్రశ్న రెండు వారాలూ వెంటాడుతుంది. మూడు వాక్యాల ముసాయిదా మీరే రాసి ఇస్తే ఆయన పంపడం తేలిక.

ఆ ప్రకటన వెళ్లే ముందే మీ సీనియర్‌తో విడిగా ఓ పావుగంట మాట్లాడండి. ఆయనకు అందరితోపాటే మెయిల్‌లో తెలిస్తే ఆ గాయం మానదు. క్షమాపణలు వద్దు, "నాకేం ఇష్టం లేదు, వాళ్లే అంటగట్టారు" అనడం అంతకన్నా వద్దు. అది అబద్ధమని ఆయనకు తెలుస్తుంది. "ఈ బాధ్యత నాకిచ్చారు. మీకు ఇస్తారని మీరు అనుకుని ఉండొచ్చు, అది నాకు తెలుసు. నెలాఖరు లెక్కల ముగింపు మీకంటే బాగా తెలిసినవాళ్లు ఇక్కడ లేరు. దాని చెక్‌లిస్టు మొత్తం మీ చేతిలో పెట్టాలనుకుంటున్నాను. రోజూ సాయంత్రం పది నిమిషాలు కూర్చుని ఎక్కడిదాకా వచ్చిందో చూసుకుందాం" అనండి. ఆయనకు ఇచ్చేది నిజమైన పని అయి ఉండాలి, ఆయన నిర్ణయించగలిగేది కావాలి. పని లేని బిరుదు ఇస్తే అవమానంగానే తోస్తుంది. అప్పటికప్పుడు ఆయన ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు, ఒక రోజు టైమివ్వండి. రెండో వారంలో కూడా ముభావంగానే ఉండి పని మాత్రం జరుగుతుంటే, దాన్ని అలాగే వదిలేయండి. పని ఆగుతుంటే మాత్రం ఏ పని, ఏ తేదీకి ఆగిందో చెప్పి ముఖాముఖి అడగాలి.

ఇక ఆగబోయే పనుల సంగతి. బుధ, గురువారాలు ముఖ్యంగా దీనికే పెట్టండి. నాలుగు చోట్ల వెతకాలి: సిస్టమ్‌లో మంజూరు కోసం వేచి ఉన్నవి, బ్యాంకు, మెయిల్, క్యాలెండర్.

బ్యాంకుతో మొదలుపెట్టండి, అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టేది అదే. పాత మేనేజర్ చెల్లింపుల మీద అధీకృత సంతకందారు అయి ఉంటే, ఆయన పేరు తీయించి ఇంకొకరిని చేర్చడానికి బ్యాంకు మీ సంస్థ తీర్మానం, గుర్తింపు పత్రాలు, సంతకం నమూనాలు అడుగుతుంది. అది ఒక్క రోజులో అయ్యే పని కాదు. రెండు సంతకాలు కావాల్సిన ఖాతా అయితే నెలాఖరున రెండో సంతకం లేక చెల్లింపులన్నీ ఆగుతాయి. ఆన్‌లైన్ బ్యాంకింగ్‌లో ఓటీపీ ఎవరి ఫోనుకు వెళ్తుందో కూడా చూడండి. మానేసిన మనిషి ఫోనుకే వెళ్తుంటే ఈ వారమే మార్పించాలి. సంతకందారు మీరే కానవసరం లేదు, డైరెక్టర్ ఎవరిని పెట్టమంటే వాళ్లు.

మెయిల్ విషయంలో ఐటీ వాళ్లను ఈరోజే ఒక మాట అడగండి: ఆ ఖాతాను లాగిన్ కాకుండా ఆపండి, తొలగించకండి అని. మైక్రోసాఫ్ట్ 365లో తొలగించిన యూజర్‌ను మామూలుగా 30 రోజుల్లోపు, గూగుల్ వర్క్‌స్పేస్‌లో 20 రోజుల్లోపు మాత్రమే వెనక్కి తేగలరు. ఆ తర్వాత కావాలన్నా దొరక్కపోవచ్చు. కొత్తగా వచ్చే మెయిల్స్ మీకు మళ్లించడానికీ, పాతవి చదవడానికీ హెచ్‌ఆర్ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. సొంత విషయాలు కనబడితే తెరవకుండా వదిలేయండి.

ఎవరైనా "పాత మేనేజర్ పాస్‌వర్డ్ నా దగ్గరుంది, దాంతో మంజూరు చేసేద్దాం" అంటే ఎంత తొందరున్నా ఒప్పుకోవద్దు. సంస్థ వదిలి వెళ్లిన మనిషి వారం తర్వాత బిల్లు మంజూరు చేసినట్టు రికార్డు పడుతుంది. ఆడిట్‌లో దానికి జవాబు ఉండదు, జవాబు చెప్పాల్సింది మీరే అవుతారు. మంజూరు హక్కును సిస్టమ్‌లో మీ పేరు మీదికి మార్పించుకోండి.

క్యాలెండర్ చిన్న పనే. పాత మేనేజర్ పెట్టిన వారవారం జరిగే సమావేశాలు అందరి క్యాలెండర్లలోనూ యజమాని లేకుండా మిగిలి ఉంటాయి. అవసరమైన వాటిని మీ పేరుతో కొత్తగా పెట్టి, పాతవి తొలగించుకొమ్మని అందరికీ చెప్పండి.

ఇప్పుడు అసలైనది, మంజూరు కోసం వేచి ఉన్న బిల్లులు. వాటి వరుస తెరిచారనుకుందాం, 46 ఉన్నాయి. చాలామంది ఇన్‌చార్జిలు ఇక్కడే తప్పు చేస్తారు. "పాపం ఇవన్నీ ఆగిపోయాయి" అనుకుని, ఒక సాయంత్రం కూర్చుని అన్నీ మంజూరు చేసేస్తారు. మేనేజర్ దగ్గర ఆగినవన్నీ మరిచిపోయి ఆగినవి కావు. కొన్నింటిని తెలిసే ఆపి ఉంటారు. సరుకు తక్కువ వచ్చి ఉండొచ్చు, ధర ఒప్పందానికి మించి ఉండొచ్చు, అదే బిల్లు రెండోసారి వచ్చి ఉండొచ్చు. ఆ కారణం సిస్టమ్‌లో రాసి ఉండదు, ఆయన తలలోనే ఉంటుంది.

అందుకని ముందు ఎన్ని రోజులుగా ఆగాయో చూడండి. మీ విభాగంలో బిల్లు మంజూరుకు మామూలుగా మూడు రోజులు పడుతుందనుకుంటే, పది రోజులు దాటినవన్నీ అనుమానించాల్సినవే. 46లో అలాంటివి 8 తేలాయనుకోండి. వాటిని పక్కన పెట్టి, ఆ సరుకో సేవో అడిగిన విభాగానికి ఒక్కొక్కదాని గురించి రాయండి: "ఇది అందిందా, ఎంత అందింది, ఏమైనా పేచీ ఉందా?" జవాబు వచ్చేదాకా వాటిని కదపొద్దు. మిగిలిన 38లో గడువు ఐదు రోజుల్లోపు ఉన్నవి, ఆలస్యమైతే జరిమానా పడేవి ముందు. అలాంటివి 17 అనుకుందాం. వాటికి కొనుగోలు ఆర్డరు, సరుకు అందిన రసీదు, బిల్లు మూడూ సరిపోతున్నాయా చూసి ఈ వారంలోనే పూర్తి చేయండి. మిగతా 21 వచ్చే వారం మధ్యకల్లా అయిపోతే సరిపోతుంది.

ఆ 17లో ఒక ఆరు మీరే ఎక్కించినవని తేలితే ఏం చేయాలి? వాటిని మీరు మంజూరు చేయకూడదు. బిల్లు ఎక్కించిన మనిషే దాన్ని మంజూరు చేస్తే తప్పు పట్టుకునే రెండో కన్ను ఉండదు. మోసమే జరగాలని లేదు, ఒక సున్నా ఎక్కువ పడినా ఎవరూ చూడరు. పాత పని చేతిలో ఉంచుకుని కొత్త అధికారం తీసుకునే ప్రతి ఇన్‌చార్జికీ ఈ చిక్కు వస్తుంది. చాలా సిస్టమ్‌లు దీన్ని వాటంతట అవి ఆపవు కూడా. ఆ ఆరింటినీ డైరెక్టర్‌కు పంపండి, వెనక కాగితాలు జతచేసి, ఒక్కొక్కదానికి ఒక వాక్యం రాసి. ఇక ముందు మీరు బిల్లులు ఎక్కించడం ఆపేయాలి.

ఆపేయడానికి ఇంకో కారణం గంటలు. ఎంట్రీ పనికి మీకు రోజుకు ఐదు గంటలు పడుతుందనుకుంటే, మంజూర్లకు రెండు, మనుషులకు ఒకటిన్నర, డైరెక్టర్‌కూ ఇతర విభాగాలకూ ఒకటి కలుపుకోండి. మొత్తం తొమ్మిదిన్నర. దీంట్లో అనుకోకుండా వచ్చిపడేవి లేవు. రాత్రుళ్లు కూర్చుని ఎంట్రీ చేస్తే మొదటి వారం నడుస్తుంది, రెండో వారం మంజూర్లలో తప్పులు దొర్లుతాయి. గురువారంకల్లా మీ ఎంట్రీ పనిని ఇద్దరికి పంచండి, సరఫరాదారుల పేర్ల ప్రకారం సగం సగం. వాళ్ల భారం తగ్గించడానికి నెలాఖరు దాటేదాకా ఆగగలిగే పని ఒకటి ఆపండి. పాత ఫైళ్ల సర్దుబాటు, ఎవరూ చదవని వారపు నివేదిక లాంటివి ప్రతి విభాగంలోనూ ఉంటాయి. దేన్ని, ఏ తేదీ వరకు ఆపుతున్నారో డైరెక్టర్‌కు చెప్పి ఆపండి.

మిగిలిన ఏడుగురితోనూ విడివిడిగా అరగంట చొప్పున కూర్చోండి. సీనియర్‌తో ఇప్పటికే మాట్లాడి ఉంటారు, అయినా ఈ అరగంట ఆయనకూ ఉండాలి. మొత్తం మూడున్నర గంటలు, బుధవారం నుంచి శుక్రవారం దాకా పంచుకుంటే భారం కాదు. మూడే అడగండి. మేనేజర్ మాట కోసం ఆగిన పని ఏదైనా మీ దగ్గర ఉందా? రెండు వారాల్లో దేనికి గడువు దాటేలా ఉంది? మీకు ఆయన ఇచ్చిన మాట ఏదైనా ఉందా?

మూడోది అడగకపోతే ఒక నెల తర్వాత బయటపడి మీ మీద నమ్మకాన్ని తినేస్తుంది. ఒకరికి పెళ్లికి పది రోజుల సెలవు ఇస్తానని ఉంటారు, ఇంకొకరికి జీతం పెంచమని పైకి రాస్తానని ఉంటారు. విని రాసుకోండి, అవునని గానీ కాదని గానీ అక్కడికక్కడే అనకండి. "రాసుకున్నాను. సెలవు సంగతి శుక్రవారంలోగా చెప్తాను. జీతం నా పరిధి కాదు, డైరెక్టర్‌కు చేరవేసి ఆయన ఏమన్నదీ వచ్చే బుధవారం చెప్తాను" అనండి. చెప్పిన రోజున జవాబు ఇవ్వండి, "ఇంకా తేలలేదు" అన్నదే జవాబైనా సరే. బయటి నుంచి కూడా ఇలాంటి మాటలు వస్తాయి, "మీ మేనేజర్ ముందస్తు చెల్లింపుకు ఒప్పుకున్నారు" అని. మెయిల్‌లో గానీ ఒప్పందంలో గానీ దొరికితే సరే, దొరకకపోతే మామూలు నిబంధనే వర్తిస్తుంది.

మేనేజర్ ఎందుకు వెళ్లిపోయారని అందరూ అడుగుతారు. మీకు తెలిసినా, తెలియకపోయినా ఒకటే వాక్యం: "అది నేను చెప్పాల్సిన విషయం కాదు. ఈ నెల పని ఎలా నడుస్తుందో మాత్రం చెప్పగలను." ఒకరికి గుసగుసగా ఒక ముక్క చెప్పినా ఇంకొకరికి వేరే ముక్క చేరుతుంది.

ఈ రెండు వారాల్లో ప్రత్యేకంగా కాపు కాయాల్సిన ప్రమాదం ఒకటుంది. సరఫరాదారు పేరుతో "మా బ్యాంకు ఖాతా మారింది, ఇకపై ఇందులో వేయండి" అన్న మెయిల్, లేదా డైరెక్టర్ పేరుతో "మీటింగ్‌లో ఉన్నాను, ఇది వెంటనే పంపించు" అన్న మెయిల్. మోసగాళ్లు కొత్తగా బాధ్యత తీసుకున్నవాళ్లను ఎంచుకుంటారు, మామూలు పద్ధతి ఏదో వాళ్లకింకా తెలియదని, అడగడానికి జంకుతారని. ఖాతా మార్పు ఏదొచ్చినా మీ పాత ఫైల్లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగాలి, ఆ మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాదు. ఇది మినహాయింపు లేని నియమమని ఏడుగురికీ మొదటి వారమే చెప్పండి.

వెతుకులాటలో ఏదైనా తేడా కనబడితే, అంటే ఒకే బిల్లుకు రెండు చెల్లింపులో, చిరునామా లేని సరఫరాదారో దొరికితే, మీరు విచారణ మొదలుపెట్టకండి. టీమ్‌లో ఎవరినీ అడగకండి. ఉన్నది ఉన్నట్టు భద్రపరిచి అదే రోజు డైరెక్టర్‌కు, ఆంతరంగిక ఆడిట్ ఉంటే వాళ్లకు అందజేయండి. దానికి ఏదైనా మామూలు కారణం ఉండొచ్చు. మీ నోటి నుంచి ఒక పేరు బయటికొస్తే మాత్రం వెనక్కి తీసుకోలేరు. పాత మేనేజర్‌కు ఫోన్ చేయాలనిపించినా హెచ్‌ఆర్ ఒప్పుకుంటేనే. చేస్తే ప్రశ్నలన్నీ ఒకే జాబితాగా రాసుకుని ఒక్కసారే చేయండి.

రెండో వారం వచ్చేసరికి మీ పని నెలాఖరును పాత పద్ధతిలోనే దాటించడం. లెక్కలు సరిపోల్చే తీరు, ఫైలు నమూనాలు, ఎవరి పని ఏదన్నది మార్చాలనిపిస్తుంది, మీకు లోపాలు కనబడతాయి కూడా. రాసి పెట్టుకోండి, ముట్టుకోకండి. ముగింపు వారంలో పద్ధతి మారిస్తే, లెక్క తేలనప్పుడు తప్పు అంకెల్లో ఉందో కొత్త పద్ధతిలో ఉందో చెప్పలేరు. మీరు తీసుకునే ప్రతి నిర్ణయానికీ ఒక నోటుబుక్కులో ఒక వరుస రాయండి: తేదీ, ఏం నిర్ణయించారు, ఎవరు అడిగారు, ఎందుకు. కొత్త మేనేజర్ వచ్చిన రోజు మీరు అప్పగించేది ఆ పుస్తకమే.

ఈ వారంలో ఒక గుర్తు కోసం చూడండి. టీమ్‌లో ఎవరైనా మిమ్మల్ని దాటి నేరుగా డైరెక్టర్ దగ్గరికి వెళ్తున్నారా, ఆయన అక్కడే జవాబు ఇచ్చేస్తున్నారా? మొదటిసారి జరిగినప్పుడే డైరెక్టర్‌ను అడగండి: "మీ దగ్గరికి వచ్చినవాళ్లను నా దగ్గరికి పంపండి, లేదా మీరు చెప్పింది నాకు ఒక వాక్యం రాయండి." వెళ్లిన మనిషిని నిలదీయవద్దు. మీ దగ్గర జవాబు ఆలస్యమైందేమో ముందు చూసుకోండి, చాలాసార్లు కారణం అదే.

ప్రతి శుక్రవారం డైరెక్టర్‌కు అర పేజీ పంపండి: పూర్తయినవి, ఆగినవి, ఆయన నిర్ణయించాల్సినవి. మూడో భాగంలో ప్రతిదానికీ మీ సిఫారసు, జవాబు కావాల్సిన తేదీ ఉండాలి. "ఆ 8 బిల్లుల్లో 5 తేలాయి, 2 తిప్పి పంపాలని నా సిఫారసు, 1 మీరు సరఫరాదారుతో మాట్లాడాలి, మంగళవారంలోగా" అన్నట్టు.

14వ రోజున మళ్లీ అరగంట అడగండి. మొదటి రోజు మెయిల్‌ను ముందు పెట్టుకుని అందులో రాసుకున్న ఆఖరి తేదీ మారుతుందా, మంజూరు పరిమితి సరిపోయిందా, కొత్త నియామకం ఎక్కడిదాకా వచ్చిందో తేల్చుకోండి. ఆ ఉద్యోగం మీకు కావాలనుకుంటే అది కూడా అప్పుడే, సూటిగా చెప్పండి, దరఖాస్తు ఎలా చేయాలో అడగండి. వద్దనుకుంటే అదీ అప్పుడే చెప్పి, మీ పాత పనికి తిరిగి వెళ్లే తేదీని కొత్త మెయిల్‌లో రాయించుకోండి.